రెండు నిమిషాలకో చెంచా



తొలకరి పడి కాలువలకు కొత్తనీరు వదిలాక పది, పదిహేను రోజులకల్లా మా ఆసుపత్రిలో పిల్లల వార్డు నిండిపోయేది. గోదావరి జిల్లాలో ఉద్యోగం చేసిన ఏళ్లన్నిట్లోనూ ఇదే వరస. అలాంటి రోజుల్లో ఒక ఉదయం, పదకొండు నెలల మనవణ్ణి భుజాన వేసుకుని ఒక మామ్మగారు వచ్చారు. వెనకే ఆమె కూతురు. కూతురి చేతిలో సంచీ, సంచీలో స్టీలు గ్లాసు, దానిమీద మూతగా చిన్న పళ్లెం.

"రాత్రి నుంచీ నీళ్ల విరేచనాలండి డాక్టరమ్మా. పది పైనే అయ్యాయి. వాంతులు కూడానూ. ఓఆర్‌ఎస్ కలిపి పోస్తూనే ఉన్నాం. పోసినకొద్దీ ఇంకా ఎక్కువవుతున్నాయండి."

గ్లాసు ఇమ్మని అడిగి, ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. సముద్రపు నీళ్లు నోట్లో పోసుకున్నట్టుంది. ఎలా కలిపారు మామ్మగారూ అని అడిగితే, "ప్యాకెట్టు మొత్తం ఈ గ్లాసులోనే పోశానండి" అన్నారు. ప్యాకెట్టు మీద లీటరు నీళ్లని రాసి ఉంటుంది కదా అంటే ఆమె నావైపు వింతగా చూశారు. "పసివాడు లీటరు నీళ్లు ఎక్కడ తాగుతాడండీ? వాడు తాగేది గ్లాసుడే కదా. మందు వృథా పోకూడదని గ్లాసులోనే కలిపాను."

ఆ మాటలో తెలివితక్కువతనం ఏమీ లేదు. మందు ఎంత చిక్కగా ఉంటే అంత పనిచేస్తుందని మనందరికీ ఒక నమ్మకం. కషాయమైనా అంతే, కాఫీ అయినా అంతే. ఓఆర్‌ఎస్ మాత్రం అలాంటిది కాదు. దానిలో ఉప్పు ఎంత, చక్కెర ఎంత అన్నదానికంటే, అవి ఎన్ని నీళ్లలో ఉన్నాయన్నదే అసలు మందు. ఈవేళ నేను మాట్లాడేదంతా ఆ కొలత గురించే.

నిమ్మకాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మూడో రోజుకి ఊట ఊరుతుంది. మనం నీళ్లేమీ పోయలేదు. ముక్కలో ఉన్న నీటినే ఉప్పు బయటికి లాగింది. చిక్కటి ఓఆర్‌ఎస్ పిల్లవాడి పేగులోకి వెళితే జరిగేదీ ఇదే. ఒంట్లో మిగిలి ఉన్న కాసిని నీళ్లనూ అది పేగులోకి లాగుతుంది. అవి విరేచనంగా పోతాయి. మామ్మగారు "పోసినకొద్దీ ఎక్కువవుతున్నాయి" అన్నది అక్షరాలా నిజం. పైగా లోపలికి ఎక్కిన ఉప్పు వల్ల రక్తంలో ఉప్పు పెరుగుతుంది. పిల్లవాడికి విపరీతమైన దాహం వేస్తుంది, ఊరుకోబెట్టలేనంత చిరాకు వస్తుంది, మరీ ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి. చక్కెర ఎక్కువైనా నీటిని లాగే గుణం అలాగే ఉంటుంది. అందుకే విరేచనాలకు కూల్‌డ్రింకులు, డబ్బా పళ్లరసాలు పట్టించకూడదు.

అయితే ఉప్పూ చక్కెరా ఎందుకు, ఉత్త నీళ్లు పోస్తే పోలేదా అంటారా? బ్యాంకు లాకరు చూసే ఉంటారు. మన తాళంచెవి ఒక్కటే పెడితే తెరుచుకోదు, బ్యాంకువాళ్ల తాళంచెవి కూడా తిప్పాలి. పేగు గోడలో అలాంటి తలుపు ఒకటుంది. ఉప్పులో ఉండే సోడియం, చక్కెరలో ఉండే గ్లూకోజు, రెండూ కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. అవి లోపలికి పోతుంటే వాటి వెంట నీళ్లు కూడా పోతాయి. విరేచనాల జబ్బులో పేగు ఎంత అల్లకల్లోలమైనా ఈ తలుపు మాత్రం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. మనకున్న దారి అదొక్కటే. ఉత్త నీళ్లకు ఆ తాళంచెవులు రెండూ లేవు. గ్లూకోజు పొడి కలిపిన నీళ్లలో ఒకటే ఉంది. కొబ్బరినీళ్లు మంచివే, పొటాషియం బాగా ఉంటుంది కానీ సోడియం బాగా తక్కువ.

ఈ సంగతిని లోకానికి రుజువు చేసి చూపించిన చోటు మన దేశంలోనే ఉంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలమంది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ అనే ఊళ్లో కలరా రేగింది. ఆసుపత్రిలో నేలమీదే రోగులు, సెలైను సీసాలు నిండుకున్నాయి. అక్కడికి వెళ్లిన డాక్టరు దిలీప్ మహలనబిస్ కలకత్తాలో గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూకం వేయించి పొట్లాలు కట్టించి తెప్పించారు. డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చి తాగించమన్నారు. సూది లేదు, సీసా లేదు. అంతకుముందు నూటికి ముప్ఫై మంది దాకా పోతుండగా, ఆయన శిబిరంలో మరణాలు నూటికి నాలుగు లోపుకు దిగాయి. నోటితో తాగించేది కూడా ఒక వైద్యమేనా అని పెదవి విరిచిన పెద్దలు అప్పుడు చాలామందే ఉన్నారు. ఆయన 2022లో కన్నుమూశాక, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇప్పుడు మీ ఇంటికి వచ్చే ప్యాకెట్టు ఆ పొట్లానికి మెరుగుపడ్డ రూపం. వంటసోడాకు బదులు సిట్రేటు వచ్చింది, పొటాషియం చేరింది. 2002 తర్వాత ఉప్పూ చక్కెరా కాస్త తగ్గించారు. ఇప్పుడు లీటరుకు పదమూడున్నర గ్రాముల గ్లూకోజు, రెండున్నర గ్రాములకు కాస్త పైన ఉప్పు. అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్యాకెట్టు తయారుచేసేవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. మన చేతిలో ఉన్నది నీళ్ల కొలత ఒక్కటే.

ఆ కొలతలో ఒక చిక్కుంది. మందుల షాపుల్లో రెండు సైజుల ప్యాకెట్లు దొరుకుతాయి. పెద్దది లీటరు నీళ్లకు. అందులో పొడి ఇరవై గ్రాముల పైచిలుకు ఉంటుంది. చిన్నది 200 మిల్లీలీటర్లకు, అంటే ఒక గ్లాసుకు. అందులో పొడి నాలుగు గ్రాములకు కాస్త ఎక్కువ. మామ్మగారిది పెద్ద ప్యాకెట్టు, చిన్న గ్లాసు. దీనికి వ్యతిరేకం కూడా చూశాను. ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన పెద్ద ప్యాకెట్టు వాడిన ఇల్లాలు, మరోసారి షాపులో చిన్నది కొని అలవాటుగా లీటరులో కలిపేసింది. అది పలచటి నీళ్లే, పెద్దగా పనిచేయదు. కాబట్టి ప్యాకెట్టు కొన్న ప్రతిసారీ వెనక్కి తిప్పి, ఎన్ని నీళ్లలో కలపమన్నాడో చూడండి. చదవడం రాకపోతే షాపులోనే అడిగి, ఆ తర్వాతే ఇంటికి బయల్దేరండి.

ఇక లీటరు ఎలా కొలవాలి? మన ఇళ్లలో చెంబులు, బిందెలు, రకరకాల గ్లాసులు తప్ప కొలపాత్రలు ఎక్కడుంటాయి? తేలిక ఉపాయం ఏమిటంటే, కొనుక్కునే మంచినీళ్ల సీసా. దానిమీద ఒక లీటరు అని రాసి ఉన్న ఖాళీ సీసాను బాగా కడిగి, దానితో కొలవండి. నీళ్లను ముందే మరగబెట్టి చల్లార్చుకోవాలి. పొడి కలిపాక మళ్లీ కాయకూడదు. సబ్బుతో చేతులు కడుక్కుని, కడిగిన గిన్నెలో కొలిచిన నీళ్లు పోసి, ప్యాకెట్టు మొత్తం దులిపి, అడుగున పొడి కరిగేదాకా శుభ్రమైన గరిటెతో కలిపి మూత పెట్టండి. ఈ పూటకు సగం పొడి చాలని విడదీయకండి. ప్యాకెట్టులో ఉప్పూ చక్కెరా సమంగా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు. మీ సగంలోకి ఏది ఎక్కువ వచ్చిందో ఎవరికి తెలుసు? రుచి కోసం పంచదార గానీ పాలు గానీ పళ్లరసం గానీ కలపవద్దు. కలిపింది ఇరవైనాలుగు గంటలే వాడాలి. మిగిలితే పారబోసి కొత్తది కలుపుకోండి. మామ్మగారు వృథా పోతుందన్నది ఈ మిగిలిన నీళ్ల గురించే. పోనివ్వండి, పోయేది ఉప్పునీళ్లే కదా!

కలిపింది సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే మీరే ఒక గుటక వేసి చూడండి. కన్నీళ్లంత ఉప్పగా ఉంటే పర్వాలేదు, అంతకంటే ఉప్పగా ఉంటే పారబోయండి.

అర్ధరాత్రి ప్యాకెట్టు లేకపోతే? లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. మళ్లీ చెబుతున్నాను: పంచదార ఆరు, ఉప్పు అర. చెంచా మీద కుప్పగా కాకుండా, కత్తి వీపుతో సమంగా గీసి కొలవాలి. ఈ రెండు అంకెలు తారుమారైతే ప్రమాదం. అందుకని కంగారులో చేయి తిరగకపోతే దీని జోలికి పోకండి. చిటికెడు ఉప్పేసిన బియ్యపు గంజి, ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, పప్పుకట్టు, వీటిలో ఏదైనా ఆర్నెల్లు దాటిన పిల్లలకు తెల్లారేదాకా పట్టించవచ్చు. తెల్లారాక ప్యాకెట్టు తెచ్చుకోండి. ఆశా కార్యకర్త దగ్గర, ఏఎన్ఎం దగ్గర అది ఉచితంగా దొరుకుతుంది.

షాపులో కొనేవాళ్లకు ఇంకో మాట. కొన్నాళ్ల కిందటిదాకా ఓఆర్‌ఎస్ అన్న మూడు అక్షరాలను పేరులో ఇరికించుకుని, నారింజ, యాపిల్ రుచులతో డబ్బాల్లో తియ్యటి పానీయాలు అమ్మేవారు. వాటిలో చక్కెర ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని ఏ పానీయానికీ ఆ పేరు తగిలించకూడదని ఆదేశించింది. అయినా డబ్బా మీద బొమ్మ చూసి కొనవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. పిల్లవాడు ఇష్టంగా తాగేది కావాలంటే ఏదో ఒక షాపువాడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు. అది ఓఆర్‌ఎస్ కాకపోవచ్చు.

మా పిల్లవాడి దగ్గరికి వద్దాం. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు సరిగ్గా లేవు. గ్లాసు చూడగానే రెండు చేతులా లాక్కోబోయాడు. పొట్టమీద చర్మం పట్టుకుని వదిలితే ఠక్కున సర్దుకోలేదు, కాస్త నిదానించింది. ఒంట్లో నీరు తగ్గింది, కానీ ఇంకా సెలైను దాకా రాలేదన్న మాట. తాగిన చిక్కటి నీళ్లలో చాలావరకు కక్కేశాడు కాబట్టి బతికిపోయాం. రక్తపరీక్షలో ఉప్పు కొంచెం ఎక్కువగానే ఉంది, భయపడేంత లేదు. తూకం వేస్తే ఎనిమిది కిలోలు.

ఈ స్థితిలో పిల్లలకు కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో పట్టించాలి. ఎనిమిది కిలోలకు ఆరువందలు. అంటే గంటకు నూటయాభై. కక్కుతున్న పసివాడికి ఇంత ఎలా పోస్తారని వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆమె చేతికి ఉగ్గుగిన్నె, టీస్పూను ఇచ్చి గోడగడియారం చూపించాను. రెండు నిమిషాలకు ఒక చెంచా. టీస్పూనుకు 5 మిల్లీలీటర్లు. గంటలో ముప్ఫై చెంచాలు. ముప్ఫై అయిదులు నూటయాభై. లెక్క సరిపోయింది. గ్లాసెత్తి పోస్తే గటగటా తాగి మొత్తం కక్కేవాడే. చెంచా చెంచాగా పోస్తే కడుపు దాన్ని ఉంచుకుంటుంది. మధ్యలో ఒకసారి కక్కాడు. పది నిమిషాలు ఆగమన్నాను. ఆ తర్వాత మూడు నిమిషాలకో చెంచా చొప్పున మొదలుపెట్టి, నిలదొక్కుకున్నాక మళ్లీ రెండు నిమిషాలకు వచ్చాం. మధ్యమధ్య తల్లిపాలు కూడా. పాలసీసా మాత్రం దూరం పెట్టండి. దాని పీకలో ఉండే మురికే చాలా ఇళ్లలో ఈ జబ్బుకు మూలం.

ఇదంతా ఆసుపత్రిలో, మా కళ్లెదుట. కళ్లు లోపలికి పోయిన పిల్లవాడికి ఇంట్లో కూర్చుని ఈ లెక్క ప్రయోగించకండి. విరేచనాలు మొదలైనా హుషారుగానే ఉన్న పిల్లవాడికి ఇంట్లో చేయవలసింది వేరు. అది ఇంకా తేలిక. నీళ్ల విరేచనం అయిన ప్రతిసారీ, రెండేళ్ల లోపు వాళ్లకు పావు గ్లాసు నుంచి అర గ్లాసు, రెండేళ్లు దాటితే అర గ్లాసు నుంచి గ్లాసు నిండా. నేను గ్లాసు అంటున్నది 200 మిల్లీలీటర్ల గ్లాసు. రెండు నెలల లోపు పసికందుకైతే అయిదు చెంచాలు పడుతూ, తల్లిపాలు ఇస్తూ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది మధ్యాహ్నానికే దాన్ని పక్కన పెట్టేశారో! అది పోయిన నీటిని తిరిగి నింపుతుంది. విరేచనాలు వాటంతట అవి మూడు రోజుల నుంచి వారం లోపు సర్దుకుంటాయి. కాబట్టి లెక్కపెట్టవలసింది ఎన్ని విరేచనాలు అయ్యాయన్నది కాదు, ఎన్నిసార్లు మూత్రం పోశాడన్నది. విరేచనాలు ఆగాలని షాపులో అడిగి బిళ్లలు తెచ్చేవాళ్లున్నారు. ఆ బిళ్ల పేగు కదలికనే ఆపుతుంది. బయటికి పోవడం ఆగుతుంది, నీరూ క్రిములూ లోపలే ఉండి పొట్ట ఉబ్బుతుంది. పసిపిల్లలకు అది ప్రాణాంతకం కావచ్చు. యాంటీబయాటిక్ సిరప్పూ ఎక్కువమందికి అక్కర్లేదు, ఈ విరేచనాల్లో చాలావాటికి మూలం వైరస్సులు.

లంఖణం పరమౌషధం అన్న సామెత పెద్దవాళ్లకు, అదీ అజీర్తికి. చంటిపిల్లలకు కాదు. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపవద్దు. అన్నం తినే వయసైతే మెత్తటి పెరుగన్నం, పప్పన్నం, అరటిపండు, ఇడ్లీ, వాడు తిన్నంత, మామూలుగా కంటే ఎక్కువసార్లు పెట్టండి. జబ్బు తగ్గాక రెండు వారాలు రోజూ ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మామ్మగారు ఒక్కసారిగా "తడిపేశాడమ్మా!" అని కేకేశారు. చీర కొంగు పిండుకుంటూ ఆమె నవ్వు చూడాలి. పొద్దుటి నుంచి అదే మొదటి మూత్రం. కళ్లలో మళ్లీ కాంతి వచ్చింది. సాయంత్రం దాకా ఉంచుకుని ఇంటికి పంపాము. పంపేటప్పుడు రెండు పెద్ద ప్యాకెట్లు, పద్నాలుగు జింకు బిళ్లలు ఇచ్చాము.

జింకు అంటే ఇనుము మీద పూతేసేదే కదండీ, అది పిల్లలకెందుకు అని తండ్రులు అడుగుతుంటారు. ఒంట్లో కణాలు కొత్తగా పుట్టాలంటే జింకు కావాలి. పేగు లోపలి పొర ఈ జబ్బులో ఊడిపోయి ఉంటుంది, విరేచనాలతో పాటు ఒంట్లో జింకూ పోతుంది. బయటినుంచి ఇస్తే ఆ పొర త్వరగా కట్టుకుంటుంది. జబ్బు రోజులు సుమారు పావువంతు తగ్గుతాయి. అంతకంటే నాకు నచ్చే సంగతి, పద్నాలుగు రోజులూ వాడిన పిల్లలకు తర్వాతి రెండు మూడు నెలల్లో విరేచనాలు మళ్లీ పట్టుకోవడం తగ్గుతుంది. వానాకాలమంతా గడిచిపోతుంది కదా అప్పటికి.

ఆరు నెలల నుంచి అయిదేళ్ల వాళ్లకు రోజుకు ఒక బిళ్ల, 20 మిల్లీగ్రాములది. రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు వాళ్లకు సగం బిళ్ల. రెండు నెలలు నిండనివాళ్లకు మనంతట మనం ఇవ్వకూడదు. ఈ బిళ్ల నమిలేదీ కాదు, దంచేదీ కాదు. చెంచాలో బిళ్ల పెట్టి, దానిమీద కాసిని మంచినీళ్లు పోసి చెంచాను మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే నిమిషంలోపే విడిపోతుంది. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకైతే నీళ్లకు బదులు చెంచాలోకి తల్లిపాలు పిండాలి. చెంచా అడుగున మిగిలింది కూడా ఇంకొన్ని చుక్కలతో కడిగి పట్టించండి. కొంచెం లోహపు రుచి ఉంటుంది, పిల్లలు మొహం చిట్లిస్తారు. అరగంటలోపు కక్కితే ఇంకో బిళ్ల ఇవ్వండి. సిరప్పు రూపంలో తెస్తే ఒక్కో కంపెనీది ఒక్కో మోతాదు ఉంటుంది కాబట్టి, చెంచాకు ఎన్ని మిల్లీగ్రాములో అడిగి తెలుసుకోవాలి.

ఇందులో జరిగే పొరపాటు ఒక్కటే. నాలుగో రోజుకి విరేచనాలు కడతాయి. అయిదో రోజున అట్ట అలమర మీదికి ఎక్కుతుంది. తగ్గిపోయింది కదా, ఇంకా మందెందుకు అనిపిస్తుంది. వానాకాలం పొడుగునా కాపాడేది ఆ మిగిలిన తొమ్మిది, పది బిళ్లలే.

ఇప్పుడు ఏ గుర్తులు కనిపిస్తే ఇంట్లో ఆగకూడదో చెబుతాను. ఇది కాస్త నెమ్మదిగా వినండి.

అందరికంటే ఎక్కువగా మోసపోయేది ఒకచోట. రాత్రంతా ఏడ్చి ఏడ్చి సతాయించిన పిల్లవాడు తెల్లవారుజామున గమ్మున పడుకుంటాడు. "హమ్మయ్య, నెమ్మదించింది, నిద్రపోతున్నాడు, లేపకండి" అంటారు ఇంట్లోవాళ్లు. లేపి చూడండి. పిలిస్తే, అరికాలు గిల్లితే కళ్లు తెరిచి మిమ్మల్ని చూడాలి, చెంచా పెడితే మింగాలి. మత్తుగా వాలిపోతున్నా, చెంచాలో నీళ్లు పెదవుల పక్కనుంచి కారిపోతున్నా అది నిద్ర కాదు. ఒంట్లో నీరు ప్రమాదస్థాయికి పడిపోయింది. 108కి ఫోను చేయండి, బండి వచ్చేలోపు వాడు మింగగలిగితే చెంచా చెంచాగా పోస్తూనే ఉండండి. మింగలేకపోతే నోట్లో పోయవద్దు.

దాహం కూడా రెండు రకాలు. మా పిల్లవాడిలాగా గ్లాసు లాక్కుని ఆబగా తాగుతుంటే నీరు తగ్గిందని అర్థం, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంతదాకా దాహపడ్డవాడు తాగడం మానేశాడంటే పరిస్థితి ముదిరిందన్న మాట. మెరుగుపడిందని పొరపడవద్దు.

చర్మం చూడడం మీరూ నేర్చుకోవచ్చు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డుకూ డొక్కకూ మధ్య చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో నిలువుగా మడతగా పట్టి పైకెత్తి, ఒక్క క్షణం ఆగి వదలండి. ఇప్పుడే మీ బిడ్డ బాగున్నప్పుడు చేసి చూడండి, వెంటనే సాపు అయిపోతుంది. జబ్బులో ఆ మడత నిలిచి, రెండు సెకన్లు దాటి మెల్లగా దిగితే ప్రమాదం. బాగా చిక్కిపోయిన పిల్లల్లో మామూలుగానే మడత నిలుస్తుంది, బాగా బొద్దుగా ఉన్నవాళ్లలో నీరు పోయినా తెలియదు. అందుకని దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. కళ్లు గుంటలు పడ్డాయా, చంటిబిడ్డకు నడినెత్తిన మాడు లోపలికి దిగిందా, ఆరు గంటలుగా మూత్రం లేదా, ఇవి కూడా కలిపి చూడండి. కళ్ల సంగతి డాక్టరు కంటే తల్లికే బాగా తెలుస్తుంది. మామూలుగా వాడి కళ్లు ఎలా ఉంటాయో ఆమె రోజూ చూస్తుంది.

విరేచనంలో రక్తం కనిపిస్తే అది వేరే జబ్బు. దానికి యాంటీబయాటిక్ కావాలి, డాక్టరే ఇవ్వాలి. చెంచా చెంచాగా పోసినా ఒక్కటీ నిలవకుండా కక్కుతుంటే, వాంతి ఆకుపచ్చగా అవుతుంటే, పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే, తీవ్రమైన జ్వరం ఉంటే, ఫిట్స్ వస్తే, ఆగకుండా వెళ్లండి. ఇవేవీ లేకపోయినా మూడు రోజులకు తెరిపి ఇవ్వకపోతే ఒకసారి చూపించండి. రెండు వారాలు దాటితే తప్పక చూపించాలి. బిడ్డకు రెండు నెలలు నిండలేదా, లేక పుట్టినప్పటి నుంచీ బాగా బలహీనమా, అప్పుడు గుర్తుల కోసం ఎదురుచూడనే వద్దు.

పదిహేనో రోజున మామ్మగారు మళ్లీ వచ్చారు, మనవణ్ణి తూకం వేయించడానికి. ఎనిమిది కిలోల నాలుగువందలు ఉన్నాడు. జింకు అట్ట చూపించమంటే సంచీలోంచి తీశారు. పద్నాలుగు గుంటల్లోనూ ఒక్క బిళ్ల లేదు. దాంతోపాటు ఒక ఇత్తడి చెంబు కూడా తీసి నా బల్లమీద పెట్టారు. ఇదేంటండీ అన్నాను. లోపల చూడమన్నారు. మంచినీళ్ల సీసాతో లీటరు నీళ్లు కొలిచి పోసి, ఆ నీళ్లు నిలిచినచోట మేకుతో చుట్టూ గీత గీయించారట.

"మా వీధిలో ఎవరింట్లో విరేచనాలైనా ఈ చెంబే పట్టుకెళుతున్నారండి డాక్టరమ్మా. తిరిగి ఇచ్చేటప్పుడు తోమి ఇవ్వమని మాత్రం చెబుతున్నాను."